గడువు అడగండి, చేరే తేదీ కదపకండి

మాది రాయగడ. ఇక్కడే ఓ ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. నిన్న, గురువారం 6వ తేదీ సాయంత్రం, విశాఖ కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. శనివారం 8వ తేదీలోగా ఒప్పుకోమన్నారు, వచ్చే నెల 20న చేరాలట. హైదరాబాద్‌లో ఇంకో కంపెనీ చివరి ఇంటర్వ్యూ బుధవారం 12న ఉంది. నాన్నగారేమో ఆదివారం మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని మాట్లాడదాం అంటున్నారు. టైమ్ అడిగితే ఈ ఉద్యోగం కూడా పోతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక అమ్మాయి, రాయగడ

అమ్మా, ముందు అటువైపు వాళ్ల గుబులేమిటో చూడండి. మీరు ఆలోచించుకోవడం హెచ్ఆర్‌కు ఇబ్బంది కాదు. ఇంటర్వ్యూలో మీ తర్వాత నిలిచిన అభ్యర్థికి వాళ్లు ఇంకా ‘లేదు’ అని చెప్పి ఉండకపోవచ్చు. మీరు వారం తిప్పించి వద్దంటే ఆ మనిషి ఈలోగా వేరేచోట చేరిపోతే, సీటు ఖాళీగా ఉండిపోతుంది. వాళ్ల లెక్కంతా 20వ తేదీ చుట్టూనే. అందుకే మీరు మాట చెప్పే తేదీ జరపమని అడగండి, చేరే తేదీ మాత్రం జరగదని అదే నోటితో చెప్పండి.

మీకు ఆ వెసులుబాటు ఉందో లేదో లెక్క వేద్దాం. ఇప్పుడున్న చోట నోటీసు 30 రోజులే అనుకుందాం. శుక్రవారం 14న ఒప్పుకుని, 15న రాజీనామా ఇస్తే, వచ్చే నెల 15 ప్రాంతానికి నోటీసు పూర్తవుతుంది. సామాను సర్దుకుని విశాఖలో గది చూసుకోవడానికి ఇంకా నాలుగైదు రోజులు మిగులుతాయి. కాబట్టి 14 దాకా అడగవచ్చు. మీ నోటీసు 45 రోజులైతే ఈ లెక్క కుదరదు. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసుకున్నాకే ఫోన్ ముట్టుకోండి.

ఫోన్ ఇవాళే, పదిన్నర పదకొండు మధ్య చేయండి. చాలామంది చేసే పొరపాటు రెండు రోజులు ఊరుకుని, గడువు చివరి సాయంత్రం మెయిల్ పెట్టడం. ఆ మౌనాన్ని వాళ్లు ‘ఇష్టం లేదు’ అని చదువుకుంటారు. పైగా శనివారం ఆఫీసు సెలవైతే మీ మెయిల్ సోమవారం దాకా ఎవరూ చూడరు.

ఫోన్‌లో ఇలా చెప్పండి: “ఆఫర్ అందింది సార్, చాలా సంతోషం. జీఎస్టీ పని మొత్తం నేనే చూడాలన్నారు కదా, అది నాకు బాగా నచ్చింది. ఊరు మారే విషయం, ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడాలి. 14వ తేదీ శుక్రవారం సాయంత్రం 5 గంటలలోపు ఖాయంగా చెబుతాను. 20న చేరడంలో ఏ మార్పూ ఉండదు.” పనిలో మీకు నిజంగా నచ్చింది ఏదైతే, జీఎస్టీ బదులు అదే చెప్పండి. ‘కొంచెం టైమ్ కావాలి’ అని మాత్రం అనకండి, దానికి చివర లేదు. తేదీ, గంట చెబితే వాళ్లు దాన్నిబట్టి రెండో అభ్యర్థిని నిలిపి ఉంచుకోగలరు.

ఇంట్లో ఎవరికో బాగాలేదని కథ అల్లొద్దు. “వేరే ఆఫర్ ఉందా?” అని సూటిగా అడిగితే, “ఆఫర్ లేదు సార్, ఒకచోట చివరి రౌండ్ ఉంది” అనండి. కంపెనీ పేరు, జీతం చెప్పనక్కరలేదు.

వాళ్లు సరేనన్నాక పని అయిపోయిందనుకోవద్దు. గంటలోపు అదే మాట నాలుగు వాక్యాల్లో మెయిల్ పెట్టి, జవాబుగా ‘సరే’ అని రాయమనండి. ఒప్పుకోవడానికి ఇచ్చింది ఆన్‌లైన్ లింకు అయితే మరీ జాగ్రత్త. హెచ్ఆర్ నోటిమాటగా గడువిచ్చినా, లింకు మాత్రం శనివారం రాత్రే మూసుకుపోవచ్చు. “లింకు గడువు కూడా 14కి మార్చండి” అని విడిగా అడగండి.

హైదరాబాద్ వాళ్లకూ ఇవాళే ఫోన్ చేయండి. “నా చేతిలో ఒక ఆఫర్ ఉంది, 14న జవాబివ్వాలి. ఇంటర్వ్యూ సోమవారానికి జరపగలరా? లేదంటే 13కల్లా ఫలితం చెప్పగలరా?” అని అడగండి. కుదరదంటే, హైదరాబాద్ ఉద్యోగం అసలు లేనట్టే లెక్కేసుకుని విశాఖ గురించి నిర్ణయించుకోండి.

విశాఖ వాళ్లు సోమవారం దాకానే అంటే బేరం ఆడకండి, ఒప్పుకోండి. నాన్నగారి ఆదివారం అందులోనే వస్తుంది. గడువు ఒక్కసారే అడగాలి. రెండోసారి అడిగితే, మీరు ఇంకెవరి కోసమో చూస్తున్నారని వాళ్లకు ఖాయమైపోతుంది. ముందు సంతకం పెట్టేసి తర్వాత మానేద్దామన్న ఆలోచన మాత్రం వద్దమ్మా, ఆ రెండో అభ్యర్థిని అప్పటికే పంపేసి ఉంటారు.

13నే తేలిపోతే 14 దాకా ఆగకండి. వద్దనుకున్నా సరే, ముందు ఫోన్ చేసి చెప్పి, తర్వాత మెయిల్ పెట్టండి.