ఎక్కువ సామర్థ్యం ఉన్న సెల్స్ వేస్తే డ్రిల్లు నీరసపడిందెందుకు?

ప్రశ్న: నా డ్రిల్లు బ్యాటరీ ప్యాక్‌లో 2500 ఎంఏహెచ్ 18650 సెల్స్ పాడైతే, వాటి స్థానంలో 3500 ఎంఏహెచ్‌వి వేయించాను. ఇప్పుడు గోడకు పెట్టగానే మెషిన్ నీరసపడుతోంది, ప్యాక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. నకిలీ సెల్స్ అంటగట్టారా?

జవాబు: అసలైనవే అయినా ఇలాగే జరుగుతుంది. తేడా సెల్ లోపలి చుట్టలో ఉంది.

18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఆ ఉక్కు డబ్బాలో చాప చుట్టినట్టు ఒక చుట్ట ఉంటుంది. దాన్నే జెల్లీ రోల్ అంటారు. పాజిటివ్ పదార్థం పూసిన అల్యూమినియం రేకు, గ్రాఫైట్ పూసిన రాగి రేకు, అవి తాకకుండా మధ్యలో పలచని ప్లాస్టిక్ పొరలు. రాగి వైపు అల్యూమినియం వాడితే లిథియం దాన్ని తినేస్తుంది. పాజిటివ్ వైపు రాగి పెడితే అక్కడి వోల్టేజికి కరిగిపోతుంది. అందుకే రెండు లోహాలు.

రేకు నుంచి కరెంటు బయటికి రావడానికి దానికి ఒక చిన్న లోహపు పట్టీని అతికిస్తారు. అదే ట్యాబ్. అల్యూమినియం ట్యాబ్ పైమూతకు, రాగి రేకుకు అతికించిన నికెల్ ట్యాబ్ డబ్బా అడుగుకు చేరతాయి.

ఇక లెక్క చూద్దాం. రాగి రేకు 80 సెంటీమీటర్ల పొడవు, 58 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మైక్రాన్ల మందం అనుకుందాం. ఈ కొస నుంచి ఆ కొసకు నిరోధం సుమారు 23 మిల్లీ ఓమ్‌లు. కరెంటు దారి పొడవునా వచ్చి కలుస్తుంది కనుక, ట్యాబ్ ఒక కొసనే ఉంటే లెక్కకు వచ్చేది అందులో మూడో వంతు, అంటే 8. సెల్ నుంచి 15 ఆంపియర్లు లాగితే ఒక్క రాగి రేకులోనే దాదాపు 1.8 వాట్ల వేడి. రెండో కొసన మరో ట్యాబ్ అతికిస్తే అది నాలుగో వంతుకు, 0.45 వాట్లకు, పడిపోతుంది. ఒక చిన్న పట్టీ చేసే పని ఇది!

డ్రిల్లు సెల్స్‌లో పూత పలచన, రేకు పొడవు ఎక్కువ, ట్యాబ్‌లూ తరచుగా ఎక్కువే. 3500 రకంలో చోటంతా మందపాటి పూతకే పోతుంది. లిథియం అయాన్లు ఆ మందంలోంచి ఈదుకురావాలి, రేకు వైశాల్యమూ తగ్గుతుంది. దాంతో లోపలి నిరోధం పెరిగి, ఎక్కువ కరెంటు లాగగానే సెల్ వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోయి మెషిన్ నీరసపడుతుంది. టార్చిలైటుకు అది చక్కగా సరిపోతుంది, డ్రిల్లుకు కాదు. టెస్లా 2020లో ప్రకటించిన 4680 సెల్‌లోనైతే విడి ట్యాబ్‌లే లేవు. రేకు అంచు మొత్తం ఆ పని చేస్తుంది.

ఈసారి డేటాషీట్‌లో ఎంఏహెచ్ కంటే ముందు నిరంతర డిశ్చార్జ్ కరెంటు చూడండి. 3500 రకాల్లో అది సాధారణంగా 8 నుంచి 10 ఆంపియర్లు. మంచి 2500 రకాల్లో 20 దాకా ఉంటుంది. కుతూహలం కొద్దీ సెల్‌ను మాత్రం కోసి చూడకండి, బ్లేడు రెండు రేకులనూ కలిపితే మంటే.