బారసాల కార్డులో ఆఫీసు వాళ్ల తరఫున ఏం రాయాలి?

ప్రశ్న: మా ఆఫీసులో అన్నయ్య అని పిలిచే కొలీగ్‌కి పాప పుట్టింది. ఆదివారం రాజోలులో వాళ్ల అత్తారింట్లో బారసాల. నేను వయసులో చిన్నవాణ్ణి, కార్డు మీద సంప్రదాయంగా ఏం రాయాలి?

జవాబు: మన వైపు మొదటి కాన్పు పుట్టింట్లోనే కదండీ, అందుకని మీరిచ్చే కార్డు మీ అన్నయ్య ఒక్కడే చదివి జేబులో పెట్టుకోడు, అమ్మమ్మగారింట్లో చేతులు మారుతుంది. అమలాపురంలో మా ఆఫీసు తరఫున ఇచ్చిన కార్డును ఆ ఇంటి పెద్దావిడ కళ్లజోడు తెప్పించుకుని అందరికీ వినిపించేలా చదివారు, అప్పట్నుంచి నేను ఏ కార్డయినా ఇంటిల్లిపాదికీ రాసినట్టే రాస్తున్నాను.

చిన్నవాళ్లు పెద్దవాళ్లను దీవించరు. పాప మీకన్నా చిన్నది కాబట్టి దీవెన పాపకి, అన్నయ్యకీ వదినకీ అభినందన, తాతయ్య అమ్మమ్మలకి నమస్కారం. సంస్కృతంలో రాయాలనిపిస్తే ఆడపిల్లకి 'దీర్ఘాయుష్మతీ భవ', మగపిల్లాడికైతే 'దీర్ఘాయుష్మాన్ భవ'. చాలామంది అలవాటుగా మగపిల్లాడిదే రాసేస్తుంటారు, చూసుకోండి.

పాప పేరు మీకు ముందే తెలిసినా కార్డు మీద వేయకండి. పళ్లెంలో బియ్యం మీద తండ్రి ఉంగరంతో రాసి, పాప చెవిలో చెప్పాకే ఆ పేరు బయటికి రావాలని చాలా ఇళ్లల్లో పట్టింపు. బరువు, రంగు గురించి కూడా వద్దు, దిష్టి అనుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, 'వచ్చేసారి బాబు పుట్టాలి' అని మాత్రం రాయొద్దు. మా ఆఫీసు గ్రూపులో ఒకాయన మంచి మనసుతోనే అలా పెట్టారు, పురుటి మంచం మీదున్న ఆ అమ్మాయి అది చూసి చాలా బాధపడిందని తర్వాత తెలిసింది.

మీ సందర్భానికి నేనైతే ఇలా రాస్తాను:

'అన్నయ్యా, వదినా, మీ ఇంట మహాలక్ష్మి అడుగుపెట్టినందుకు మా అందరికీ ఎంతో సంతోషంగా ఉంది. ఈ రోజు మీరు పెట్టే పేరుతో చిట్టితల్లిని అందరూ నూరేళ్లు నోరారా పిలవాలి. ఆయురారోగ్యాలతో, చక్కని చదువుతో, అమ్మానాన్నల కళ్ల ముందు చల్లగా పెరగాలి. వదిన త్వరగా కోలుకోవాలి. తాతయ్యగారికి, అమ్మమ్మగారికి మా నమస్కారాలు. చిన్నారి తల్లీ, దీర్ఘాయుష్మతీ భవ.'

కింద అందరి పేర్లూ మీ చేత్తోనే రాయండి. వదిన కోలుకోవాలన్న మాట మాత్రం తీసేయకండి, బారసాలలో అందరూ పాప చుట్టూనే ఉంటారు, తల్లిని అడిగేవాళ్లు తక్కువ.

చందాలు వేసుకుంటే వెండి ఉగ్గుగిన్నె బాగుంటుంది, అంత కుదరకపోతే కవర్లో 516 పెట్టినా చాలు. కార్డు అన్నయ్య చేతికి కాకుండా, పాపని ఉయ్యాలలో వేశాక అక్షింతలు వేసి వదినకి ఇవ్వండి.