కొట్టులో కదలని సరుకు: ఏది ముందు ఆపాలి?

మా కిరాణా కొట్టులో డబ్బంతా సరుకులోనే ఇరుక్కుంది. ఏ రకాలు తీసేయాలి?

ఉన్న నిల్వ అయిపోవడానికి ఎక్కువ నెలలు పట్టేవాటిని, మార్జిన్ బాగున్నా సరే, ముందు ఆపండి. నిల్వ విలువను నెలకు అమ్ముడయ్యే సరుకు విలువతో భాగిస్తే ఎన్ని నెలలో తెలుస్తుంది. రెండూ కొన్న ధరలోనే లెక్కేయాలి.

ఖరీదైన షాంపూలు 12,000 రూపాయలవి ఉండి నెలకు 1,000 రూపాయలవే కదులుతున్నాయనుకోండి. కొన్న ధర మీద 25 శాతం వేసుకున్నా నెలకు మిగిలేది 250. అదే 12,000 రూపాయలు నూనె ప్యాకెట్లలో పెట్టి నెలకు రెండుసార్లు తిప్పితే 5 శాతానికే 1,200 వస్తుంది. అంత గిరాకీ మీ వీధిలో ఉండాలి మరి.

కొన్న ధర కన్నా తగ్గించి అమ్మితేనే నష్టం వస్తుందని చాలామంది అనుకుంటారు. అలాగే ఉంచినా గడువు దగ్గరపడేకొద్దీ ధర ఇంకా పడిపోతుంది. ముందు డిస్ట్రిబ్యూటర్‌ను వాపసు అడగండి, కుదరకపోతే తగ్గించి అమ్మేయండి.