పీసీఓఎస్‌లో టిఫిన్ మానేస్తే బరువు తగ్గుతుందా?

నాకు పీసీఓఎస్ ఉంది, బరువు 76 కిలోలు. నెల నుంచి టిఫిన్ మానేశాను, అయినా తగ్గట్లేదు. ఎందుకు?

పొద్దున మానేసిన తిండి చాలామందికి రాత్రి తొమ్మిదిన్నరకు రెండింతల అన్నంగా తిరిగొస్తుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ నిరోధకత ఉంటుంది, అంటే ఇన్సులిన్ ఉన్నా కండరాలు చక్కెరను సరిగా తీసుకోవు. అందుకే క్లోమం ఇన్సులిన్‌ను ఎక్కువగా వదులుతుంది, అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది. పైగా పొద్దు గుంకేకొద్దీ ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది.

కాబట్టి తిండిని పగటివైపు జరపండి. పొద్దున రెండు పెసరట్లు, ఒక గుడ్డు తినండి. మధ్యాహ్నం ముందు కూర, గట్టి పప్పు తిని, ఆ తర్వాత ఒక కప్పు అన్నం. రాత్రి భోజనం ఎనిమిదిలోపు, అన్నం అరకప్పుకు మించకుండా.

తిన్న వెంటనే 15 నిమిషాలు నడవండి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. వారానికి రెండు మూడు రోజులు స్క్వాట్లు, డంబెల్స్ చేయండి. రోజూ గంట కార్డియో కంటే దీన్ని ఎక్కువ కాలం కొనసాగించడం తేలిక.

నాలుగైదు నెలల్లో 4 కిలోలు తగ్గినా చాలు, చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది. అప్పుడు అండం విడుదలవుతుంది కనుక, గర్భం వద్దనుకుంటే ముందే జాగ్రత్తపడండి. మూడు నెలలు నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవాల్సిందే.