మగారి అంటే వస్తానన్నట్టా, రానన్నట్టా?

"ఆదివారం భోజనానికి రమ్మంటే పక్కింటి ఇటాలియన్ ఆవిడ 'మగారి!' అంది. డిక్షనరీలో 'బహుశా' అని ఉంది. వంట చెయ్యాలా వద్దా?"

ఆవిడ ఆ ఒక్క మాటే, 'గా' సాగదీసి అని ఉంటే అది 'బహుశా' కాదండీ. మనం 'అంతకంటేనా!' అంటామే, అలాంటిది. ఈ మాట గ్రీకులో 'ధన్యుడా' అని పిలిచే 'మకారియె' నుంచి వచ్చింది. అందుకే ఇలా ఒంటరిగా అన్నప్పుడు దాని లోపల ఒక కోరిక ఉంటుంది.

చిక్కల్లా ఆ కోరిక తీరేదా కాదా అన్నదే. అది తర్వాతి మాటలో తెలుస్తుంది. 'మగారి! ఆ కె ఓరా?' అని టైమ్ అడిగితే వస్తున్నట్టే. 'మగారి పొతెస్సి!' అంటే 'రాగలిగితే ఎంత బావుండు' అని, అంటే రావడం కుదరదన్నట్టే. 'మా...' అని నిట్టూర్చినా అంతే. 'మా' అంటే 'కానీ'.

'బహుశా' అయితే గొంతు మామూలుగా ఉంటుంది, ఆగకుండా వాక్యంలో కలిసిపోతుంది: 'మగారి పాస్సో దోపో', తర్వాత ఒకసారి వస్తానేమో. ఇక్కడ క్రియ మామూలు వర్తమానంలోనే ఉంది చూడండి. పైన 'పొతెస్సి' మాత్రం కోరికలకు వాడే రూపం.

మీరు రాసినదాన్ని బట్టి ఆవిడకి రావాలని ఉంది. 'అల్లోరా, అల్లూనా?' అని అడగండి, 'అయితే ఒంటిగంటకా?' అని. జవాబు విన్నాకే బియ్యం కడగండి.