రూమ్మేట్ పెట్టిన సబ్‌స్క్రిప్షన్‌కి డబ్బు నా కార్డు నుంచే కట్ అవుతోంది

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2022లో కొండాపూర్‌లో ముగ్గురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అప్పుడు మా రూమ్మేట్ ఒక ఓటీటీ యాప్ తీసుకుంటూ, తన కార్డు పనిచేయట్లేదని నా డెబిట్ కార్డు అడిగింది. ఓటీపీ నేనే చెప్పాను. ఆ అక్టోబర్ చివర్లో తను బెంగళూరు వెళ్లిపోయింది. మొన్న హోమ్ లోన్ కోసం స్టేట్‌మెంట్లు తీస్తే, ప్రతి నెలా 24న డబ్బు కట్ అవుతూనే ఉందని తెలిసింది. 2023 డిసెంబర్ దాకా 299, ఆ తర్వాత 499. ఈ 2026 జనవరి 24న కూడా కట్ అయింది. ఫోన్ చేస్తే 'అయ్యో, నాకు తెలీదే' అంది, అంతే. బ్యాంకులో ఫ్రాడ్ అని కంప్లయింట్ ఇవ్వమని ఆఫీసులో అంటున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్లాలా? నా డబ్బు వెనక్కి వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఫిబ్రవరి 24 లోపు ఆ ఆటో డెబిట్ ఆపేయండి. డబ్బు వెనక్కి రాబట్టే సంగతి ఆ తర్వాత చూద్దాం. ఈ రెండూ వేర్వేరు పనులు. మొదటిది పూర్తిగా మీ చేతిలో ఉంది, దానికి మీ స్నేహితురాలి అనుమతి అక్కర్లేదు.

కార్డు మీద నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చే అనుమతిని ఇ-మ్యాండేట్ అంటారు. దీనికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. 2021 అక్టోబర్ 1 నుంచి అవి గట్టిగా అమలవుతున్నాయి. మ్యాండేట్‌ని ఖాతాదారు ఎప్పుడు కావాలంటే అప్పుడు రద్దు చేసుకునే వీలు బ్యాంకు కల్పించాలి, దానికి రుసుము తీసుకోకూడదు. మీ బ్యాంకు యాప్‌లో గానీ నెట్ బ్యాంకింగ్‌లో గానీ కార్డుల విభాగంలోకి వెళ్లండి. అక్కడ e-mandate అనో Standing Instructions అనో ఉంటుంది. అది తెరిస్తే ఆ కంపెనీ పేరు, గరిష్ఠ మొత్తం, మ్యాండేట్ ఎప్పటిదాకా చెల్లుతుందో కనిపిస్తాయి. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని, అప్పుడు రద్దు నొక్కండి. ఓటీపీ వస్తుంది, కొడితే పని అయిపోతుంది. యాప్‌లో దొరక్కపోతే బ్రాంచికి వెళ్లి కాగితం మీద రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.

చాలామంది ఇక్కడ కార్డు బ్లాక్ చేసేస్తారు. దానివల్ల మీ మిగతా చెల్లింపులన్నీ ఆగిపోతాయి, అసలు మ్యాండేట్ రికార్డు మాత్రం తేలకుండా ఉండిపోతుంది. కొత్త కార్డు వచ్చినప్పుడు పాత కంపెనీలకు దాన్ని కలపాలా అని బ్యాంకు అడగవచ్చు. చదవకుండా సరే నొక్కితే కథ మళ్లీ మొదలవుతుంది. అందుకే రద్దు చేయాల్సింది మ్యాండేట్‌ని.

ఇక ఫ్రాడ్ అన్న మాట. ఆఫీసులో వాళ్లు మీ మంచికే చెప్పి ఉంటారు, కానీ ఆ సలహా పాటించకండి. మీకు తెలియకుండా, మీ అనుమతి లేకుండా డబ్బు పోతే దాన్ని అనధికార లావాదేవీ అంటారు. అలాంటి వాటిలో ఖాతాదారు నష్టపోకుండా కాపాడే నిబంధనలను రిజర్వ్ బ్యాంకు 2017 జులైలోనే ఇచ్చింది. మీ కేసు అది కాదు. 2022లో ఓటీపీ చెప్పింది మీరే. అది ఒక్క నెల చెల్లింపుకే అని మీరు అనుకున్నారు, బ్యాంకు రికార్డులో మాత్రం నెలనెలా తీసుకోమని మీరిచ్చిన అనుమతిగా నమోదైంది. ఇప్పుడు 'ఈ లావాదేవీ నాకు తెలియదు' అని సంతకం పెడితే, బ్యాంకు ఆ రోజు ఓటీపీ రికార్డు తీసి చూపిస్తుంది. అప్పుడు మీరు నిజంగా అడగాల్సిన విషయం కూడా బలహీనపడుతుంది.

499కి పెరిగినప్పుడైనా మళ్లీ ఓటీపీ అడగాలి కదా అని మీకు అనిపించవచ్చు. మ్యాండేట్ నమోదు చేసేటప్పుడు ఒక గరిష్ఠ మొత్తం పెడతారు. దానికి లోబడి నెలనెలా మొత్తం మారవచ్చు. ఆ పరిమితి దాటనంతవరకు, మొత్తం 15,000 లోపు ఉన్నంతవరకు, కొత్తగా ఓటీపీ అవసరం లేదు. మీ మ్యాండేట్‌లో గరిష్ఠ మొత్తం 299 అనే ఉండి, బ్యాంకు 499 వదిలి ఉంటే మాత్రం అది బ్యాంకు తప్పే. స్క్రీన్‌షాట్ ముందే తీసుకోమన్నది ఇందుకే.

బ్యాంకుని గట్టిగా నిలదీయాల్సిన విషయం ఇంకొకటి ఉంది. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు ఎస్సెమ్మెస్ గానీ మెయిల్ గానీ పంపాలి. అందులో కంపెనీ పేరు, మొత్తం, తేదీ, ఎందుకు కట్ అవుతోందో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునైనా, మొత్తం మ్యాండేట్‌నైనా వద్దనుకునే దారి కూడా చూపించాలి. కట్ అయ్యాక మరో మెసేజ్ రావాలి. మీ ఫోన్‌లో, మెయిల్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి వెతకండి, మెయిల్‌లో ప్రమోషన్స్, స్పామ్ కూడా చూడండి. ప్రతి నెలా 23 ప్రాంతంలో మెసేజ్‌లు వరసగా కనిపిస్తే బ్యాంకు మీద ఫిర్యాదుకి పస ఉండదు. అసలు ఒక్కటీ లేకపోతే, ఏ నంబరుకి, ఏ మెయిల్‌కి, ఏ తేదీల్లో పంపారో వివరాలు ఇవ్వమని బ్యాంకుకి రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఓటీటీ కంపెనీకి కూడా ఒక మెయిల్ పెట్టండి. ఖాతా మీ పేరున లేదు కాబట్టి దాని వివరాలు మీకు చెప్పరు. అయితే కార్డు చివరి నాలుగు అంకెలు, కట్ అయిన తేదీ, మొత్తం, స్టేట్‌మెంట్‌లోని రిఫరెన్స్ నంబరు ఇస్తే ఆ చెల్లింపు ఏ ఖాతాకి వెళ్లిందో వాళ్లే పట్టుకోగలరు. కార్డు పూర్తి నంబరు, సీవీవీ ఎవరికీ ఇవ్వకండి. ఈ చెల్లింపు పద్ధతిని ఖాతా నుంచి తీసేయమని, తిరిగి ఇవ్వగలిగినంత ఇవ్వమని అడగండి. మూడేళ్ల డబ్బు వాళ్లు ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వాళ్ల వైపు నుంచి చూస్తే సేవ అందింది, డబ్బు వచ్చింది.

ఒక హెచ్చరిక. ఫ్లాట్‌లో ఉన్నప్పటి పాస్‌వర్డ్ మీకు గుర్తుండవచ్చు. ఎవరు ఏం చూశారో తెలుసుకుందామని ఆమె ఖాతాలోకి వెళ్లకండి. అనుమతి లేకుండా ఇంకొకరి ఖాతాలోకి వెళితే ఐటీ చట్టం కింద తిరుగు ఫిర్యాదుకి మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది. న్యాయం మీ వైపు ఉన్నప్పుడు ఆ చిక్కు మీకెందుకు?

పోలీసుల దగ్గరికి వెళ్లే విషయం కాదిది. మోసం అనాలంటే కార్డు తీసుకున్న రోజే మిమ్మల్ని ముంచాలన్న ఉద్దేశం ఆమెకు ఉండాలి. మీరు రాసినదాంట్లో ఆ జాడ నాకు కనిపించలేదు. ఇది సివిల్ వ్యవహారం, అందులో మీ పక్షం బాగానే ఉంది. భారతీయ కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు ఇంకొకరి కోసం న్యాయబద్ధంగా ఏదైనా చేసినప్పుడు, ఆ ప్రయోజనం అనుభవించిన వ్యక్తి దానికి పరిహారం ఇవ్వాలి. ఇద్దరి మధ్య ఒప్పందం కాగితం ఉండాలని లేదు.

ఇక్కడ అసలు ప్రశ్న ఆమె ఆ యాప్ వాడిందా లేదా అన్నదే. బెంగళూరు వెళ్లాక ఆమె దాన్ని తెరవనే లేదని తేలితే, ప్రయోజనం పొందలేదు కాబట్టి మీ వాదన బాగా పలచబడుతుంది. కానీ 2024 జనవరిలో 299 కాస్తా 499 అయింది. ధర పెరిగి అలా అయి ఉండవచ్చు. లేదా ఆమే పెద్ద ప్లాన్‌కి మారి ఉండవచ్చు. మారి ఉంటే 'నాకు తెలీదే' అన్న మాట ఇక నిలవదు. అందుకే ఈ ఒక్క విషయం ఆమెను సూటిగా అడగాలి, అదీ రాతలో.

లెక్క చూద్దాం. ఆమె వెళ్లిపోయాక 2022 నవంబర్ నుంచి 2023 డిసెంబర్ దాకా 14 నెలలు, నెలకి 299 చొప్పున 4,186 రూపాయలు. 2024 జనవరి నుంచి ఈ జనవరి దాకా 25 నెలలు, 499 చొప్పున 12,475. మొత్తం 16,661. ఇందులో ఒక కోత ఉంది. ఇంకొకరి తరఫున కట్టిన డబ్బు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు, ఏ వాయిదాకి ఆ వాయిదా కట్టిన రోజు నుంచి లెక్క. అంటే 2022 నవంబర్, డిసెంబర్, 2023 జనవరి వాయిదాలకు ఇప్పటికే కాలదోషం పట్టింది. ఆ 897 తీసేస్తే 15,764 మిగులుతుంది. ఇకనుంచి ప్రతి 24కీ ఇంకో నెల జారిపోతుంటుంది. 'నాకు ఇప్పుడే తెలిసింది' అన్న వాదన ఉంది గానీ, స్టేట్‌మెంట్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకునే వీలు మీకు ఉంది కాబట్టి దాని మీద ఆధారపడొద్దు.

ఫోన్‌లో మాట్లాడింది చాలు. ఈ పాటి మెసేజ్ పెట్టండి: "2022లో నువ్వు తీసుకున్న ఓటీటీ సబ్‌స్క్రిప్షన్‌కి, నువ్వు ఫ్లాట్ ఖాళీ చేశాక కూడా నా డెబిట్ కార్డు నుంచి 39 నెలలు 16,661 రూపాయలు కట్ అయ్యాయి. స్టేట్‌మెంట్ పంపుతున్నాను. నువ్వు ఆ ఖాతా ఎప్పటిదాకా వాడావో, 2024 జనవరిలో ప్లాన్ నువ్వు మార్చావో లేదో చెప్పు. ఈ డబ్బు ఎలా ఇస్తావో 15 రోజుల్లో రాయి." నిందలు వద్దు, కేసు పెడతానన్న మాట వద్దు. కాలదోషం పట్టిన మొత్తాన్ని అడగడంలో తప్పు లేదు. ఇవ్వాలనుకుంటే ఆమె ఇవ్వవచ్చు. విడతలుగా ఇస్తానంటే ఒప్పుకోండి, కానీ ఎంత బాకీ, ఎప్పుడెప్పుడు ఇస్తుంది అన్నది ఒక కాగితం మీద ఆమె సంతకంతో తీసుకోండి. గడువు దాటని వాయిదాలకు ఆ సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. 'నేను సగమే వాడాను' అని ఆమె అంటే, నా సలహా, బేరం తెంచుకోకండి. పది వేలు చేతికి వస్తే తీసుకుని, పూర్తి పరిష్కారమని రాసుకుని వదిలేయడం మంచిది.

జవాబు రాకపోతే లాయర్ నోటీసు పంపవచ్చు. అయితే ఈ మొత్తానికి నోటీసు ఖర్చు, ఆ తర్వాత కోర్టు ఫీజు, వాయిదాలు కలిపితే గిట్టుబాటు కాదు. ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీకు జీతం వస్తోంది కదా అని ఎవరూ కాదనకూడదు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇస్తే, వాళ్లు ఆమెకు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. ఆమె రాకపోతే రాజీ జరగదు, అప్పుడు సివిల్ కోర్టే దారి. హైదరాబాద్‌లో దావా వేయవచ్చని నా అభిప్రాయం, కార్డు ఇచ్చిందీ డబ్బు పోయిందీ ఇక్కడే కాబట్టి. అర్జీతో పాటు 39 వాయిదాలూ గుర్తు పెట్టిన స్టేట్‌మెంట్, మ్యాండేట్ స్క్రీన్‌షాట్, మీ మెసేజ్, ఆమె ఏమైనా రాస్తే అదీ తీసుకెళ్లండి. ఏ సహాయం కావాలన్నా 15100కి ఫోన్ చేస్తే మీ జిల్లా సంస్థ వివరాలు చెబుతారు.