పచ్చ చుక్క చూసి ఆగిపోకు

అమ్మా శ్రావణీ,

బాబుకి గుడ్డు పడదని పరీక్షల్లో తేలిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా చిన్నదానికీ అదే ఎలర్జీ కాబట్టి ఏళ్ల తరబడి ప్యాకెట్లు తిప్పి చదువుతూనే ఉన్నాను. నీకు ముందుగా పనికొచ్చేవి రాస్తున్నాను.

మన దేశంలో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడి చట్టం గుడ్డును మాంసాహారంగానే లెక్కిస్తుంది. కాబట్టి పదార్థాల్లో గుడ్డు ఏ రూపంలో కలిపినా ప్యాకెట్ మీద పచ్చ చుక్క వేయకూడదు, చతురస్రంలో గోధుమరంగు త్రికోణం వేయాలి. పాత ప్యాకెట్లలో అదే రంగు చుక్క ఉండేది. బ్రెడ్ మీద "ఎమల్సిఫయర్ 322" అని చూసి కంగారు పడకు. అది లెసిథిన్. ఎక్కువగా సోయా నుంచి తీస్తారు, గుడ్డు సొన నుంచి కూడా తీయొచ్చు. పచ్చ చుక్క ఉంటే అది గుడ్డుది కాదన్నమాట. 471, 481, 282 లాంటి అంకెలకు గుడ్డుతో సంబంధం లేదు.

కానీ పచ్చ చుక్క చెప్పేది కలిపిన పదార్థాల గురించే. అదే మిషన్ మీద అంతకుముందు ఏం చేశారో చెప్పదు. అందుకే పదార్థాల జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉండే వరుస చూడు. "కంటెయిన్స్" అంటే ఉన్నట్టే. "మే కంటెయిన్ ఎగ్" అంటే అంటుకుని ఉండొచ్చని. పచ్చ చుక్క, ఈ మాట రెండూ ఒకే ప్యాకెట్ మీద కనిపించొచ్చు. అలాంటివి బాబుకి పెట్టొచ్చా అని డాక్టరును సూటిగా అడుగు, పిల్లవాడి ఎలర్జీని బట్టి జవాబు మారుతుంది. కొన్న ప్రతిసారీ చదువు. కంపెనీ పదార్థాలు మార్చినా కవరు రంగు మారకపోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే ఫోటో కాదు, ఇంటికొచ్చిన ప్యాకెట్ చదవాలి.

అమెరికా నుంచి మన వాళ్లు సూట్‌కేసులో తెచ్చే కుకీలు, కేక్‌ల మీద ఈ చుక్కలు ఉండవు. అక్కడ 2006 నుంచి "ఎగ్" అని స్పష్టంగా రాయాలని చట్టం ఉంది, జాబితా, దాని కింది "కంటెయిన్స్" వరుస రెండూ చదువు. "నాన్ డెయిరీ" అన్న మాట గుడ్డు గురించి ఏమీ చెప్పదు. "ఎగ్ సబ్‌స్టిట్యూట్" పేరుతో అమ్మే వాటిలో కొన్ని తెల్లసొనతోనే చేస్తారు. ఆల్బుమిన్, ఓవాల్బుమిన్, లైసోజైమ్ అనే పేర్లు కనిపిస్తే గుడ్డు అనే అనుకో. లైసోజైమ్ కొన్ని చీజుల్లో ఉంటుంది, దాని అంకె 1105.

అసలు చిక్కు లేబుల్ లేని చోట. బేకరీ బన్ను మెరుస్తోందంటే పైన పాలు పూసి ఉండొచ్చు, గుడ్డు పూసి ఉండొచ్చు. "ఇందులో ఎగ్ ఉందా?" అని అడిగితే పిండిలో లేదు కాబట్టి లేదంటారు. "పైన బ్రష్‌తో ఏం పూస్తారు?" అని అడుగు. ఎగ్ పఫ్, కర్రీ పఫ్ ఒకే ట్రేలో పక్కపక్కన ఉంటే కర్రీ పఫ్ కూడా వద్దు. ఎగ్‌లెస్ పుట్టినరోజు కేక్ ఆర్డరిస్తే, స్పాంజ్ ఏ ప్రీమిక్స్‌తో చేస్తారో అడిగి ఆ బస్తా మీది జాబితా చూపించమను. గుడ్డు కేక్‌లు చేసే గిన్నె, చాకు, టర్న్‌టేబుల్ దానికీ వాడతారా అని కూడా అడుగు. తడబడితే ఇంట్లోనే చేసుకో.

మయోనైజ్ విషయంలో మాత్రం ఏమాత్రం సడలించకు. సీసాలో దొరికే ఎగ్‌లెస్‌ది లేబుల్ చూసి కొనొచ్చు. షవర్మా, మోమోల బండి దగ్గర గిన్నెలో పోసేది వద్దు. హైదరాబాద్‌లో మోమోలు తిని జనం జబ్బుపడ్డాక 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అది క్రిముల భయంతో చేసిన పని, ఎలర్జీ గురించి కాదు. బండి దగ్గర గిన్నెకు లేబుల్ ఎప్పుడూ ఉండదు.

ఇంకొక మాట, బంధువులు తప్పకుండా అంటారు: "మొన్న కేక్ తిన్నాడుగా, ఏం కాలేదుగా" అని. గుడ్డులో కొన్ని ప్రోటీన్లు వేడికి మారిపోతాయి. పిండిలో కలిసి ఓవెన్‌లో బాగా కాలిన గుడ్డును తట్టుకునే పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్లలోనే కొందరికి సరిగా ఉడకని గుడ్డు, మయోనైజ్ తగిలితే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం రావచ్చు. కేక్ పడిందని మయోనైజ్ పెట్టకూడదు. కాల్చిన గుడ్డు పడుతుందో లేదో ఇంట్లో చూడకు, డాక్టరు ఎదురుగా ఆసుపత్రిలోనే చూడాలి.

ఈ వారం స్కూల్లో పుట్టినరోజు పార్టీలున్నాయన్నావు. కేక్ ఎక్కడి నుంచి వస్తుందో టీచరును ముందే కనుక్కో. బాబు డబ్బాలో నువ్వు చేసిన ముక్క పెట్టి పంపు, డాక్టరు రాసిన మందు, ఎప్పుడు వేయాలో రాసిన కాగితం టీచరు చేతికివ్వు.

మీ పెద్దమ్మ